చిన్న కంపెనీ నుంచి రిలీవింగ్ లెటర్ తెచ్చుకోడానికి నాకు పట్టిన మూడున్నర నెలలు

నేను బెంగళూరులో పీణ్యాలో ఒక చిన్న షీట్ మెటల్ కంపెనీలో డిజైన్ పని చేసేదాన్ని, కిందంతా షాప్ ఫ్లోర్, పైన మేం ఐదుగురం కంప్యూటర్ల ముందు, మొత్తం కలిపితే ఇరవై నాలుగు మంది. హెచ్ఆర్ అని ఎవరూ లేరు. ఓనర్ సార్ ఉంటారు, అకౌంట్స్‌లో మదనపల్లె నుంచి వచ్చిన అక్క ఉంటుంది, లెటర్లు, జీతాలు, పీఎఫ్ అన్నీ ఆ అక్కే. నాకు వైట్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద కంపెనీలో ఆఫర్ వచ్చింది, సెప్టెంబర్ 8న జాయినింగ్. ఆఫర్ లెటర్‌లోనే రాసుంది, జాయిన్ అయిన ముప్పై రోజుల్లోపు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రెండూ ఇవ్వాలని. ఒక చిన్న కాగితమే కదా, సార్ మంచోడే, అడిగితే ఇచ్చేస్తారు అనుకున్నా.

2025 జులై 1 మంగళవారం మెయిల్‌లో రిజైన్ చేశా. నోటీస్ అరవై రోజులు, లెక్కేస్తే ఆగస్టు 29 శుక్రవారం చివరి రోజు. సార్ పిలిచి మాట్లాడారు, కొంచెం బాధపడ్డారు, సరేమ్మా మంచిదే అన్నారు. కానీ మెయిల్‌కి రిప్లై ఇవ్వలేదు. కొత్త కంపెనీ హెచ్ఆర్ ఏమో రిజిగ్నేషన్ యాక్సెప్టెన్స్ మెయిల్ పంపమంటోంది, రోజూ గుర్తు చేస్తోంది. నోటితో ఒప్పుకున్నారంటే వాళ్ళకు లెక్క లేదు. వారం రోజులు సార్‌ని అడగడానికి మొహమాటపడి, చివరికి జులై 9న అదే మెయిల్ త్రెడ్‌లో "సార్, మనం జులై 1న మాట్లాడుకున్నట్టు నా చివరి వర్కింగ్ డే ఆగస్టు 29, దయచేసి కన్ఫర్మ్ చేయండి" అని రాశా. మర్నాడు "ఓకే నోటెడ్" అని రెండే రెండు మాటలు వచ్చాయి. తేదీ నేను రాసిన మెయిల్లో ఉంది, దాని మీదే ఆయన ఒప్పుకున్నారు, కొత్త హెచ్ఆర్‌కి అది సరిపోయింది. జాయినింగ్ రోజు కూడా ఇదే మెయిల్ చూపించి లోపలికి వెళ్ళగలిగా, రిలీవింగ్ లెటర్ అప్పటికి లేదు కాబట్టి.

నోటీస్ రెండు నెలలూ పని బాగానే నడిచింది. చివరి వారంలో వినాయక చవితి వచ్చింది, ఆగస్టు 27. 28న హ్యాండోవర్ చేద్దామని చూస్తే మా దగ్గర నో డ్యూస్ ఫారం లాంటిదేం లేదు. నేనే ఒక పేపర్ మీద ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ డాంగిల్, గేట్ కార్డు, సర్వర్‌లో నా డ్రాయింగులు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి అన్నీ రాసి ఒక్కొక్కరి దగ్గరా సంతకం పెట్టించుకున్నా. స్టోర్స్‌లో అన్న రిజిస్టర్ తిరగేసి "నీ పేరు మీద డిజిటల్ వెర్నియర్ ఉందమ్మా, 2023లో తీసుకున్నావ్" అన్నాడు. కొలతలు తీసే ఆ పరికరం సంగతి నాకసలు గుర్తే లేదు. అది ఇవ్వకపోతే సంతకం పెట్టను అన్నాడు, ఆయన తప్పేం లేదు, రిజిస్టర్‌లో నా సంతకమే ఉంది. రెండు రోజులు వెతికితే 29 సాయంత్రం బెండింగ్ మెషిన్ దగ్గర డ్రాయర్‌లో దొరికింది. అంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు, ఎందుకంటే లెటర్ ఆపడానికి ఇదొక్కటి చాలు వాళ్ళకి. ఎవరైనా రిజైన్ చేస్తుంటే నోటీస్ మొదటి వారంలోనే స్టోర్స్ రిజిస్టర్‌లో మీ పేరు మీద ఏమున్నాయో చూసుకోండి, చివరి రోజుకు పెట్టుకోవద్దు.

29న లెటర్ అడిగితే అక్క "సెటిల్‌మెంట్‌తో పాటు ఇస్తారంట పాపా, పది రోజులు ఆగు" అంది. సెటిల్‌మెంట్ ఎప్పుడు అంటే ఒక కస్టమర్ పేమెంట్ వచ్చాక. అంటే నా కాగితం ఎవరో కస్టమర్ డబ్బులిచ్చేదాకా ఆగాలి. సెప్టెంబర్ 6 శనివారం వెళ్ళా, సార్ లేరు. 13న వెళ్ళా, ఉన్నారు కానీ "నాళె బన్ని", రేపు రమ్మన్నారు, ఆ రేపు ఆదివారం. అప్పటికి నేను కొత్త కంపెనీలో చేరి వారం, మత్తికెరె పీజీ నుంచి రోజూ యశ్వంతపూర్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో లైను మారి వైట్‌ఫీల్డ్ దాకా వెళ్ళొచ్చి, శనివారం వస్తే మళ్ళీ పీణ్యా. ఇంటికి ఫోన్ చేస్తే మా నాయన "కాగితం వచ్చిందా" అనేది తప్ప వేరే మాట అడగట్లేదు, నాకు అదింకా భారం.

సెప్టెంబర్ 19 శుక్రవారం అక్క వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపింది. ఎంత సంతోషపడ్డానో, ఓపెన్ చేసేదాకా. ఒకటే లెటర్, పైన "టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్", కింద మూడు వాక్యాలు. 14-06-2021 నుంచి ఆగస్టు 2025 వరకు మా దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసింది, ప్రవర్తన మంచిది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. అంతే. చివరి తేదీ లేదు, ఉట్టి నెల మాత్రమే. రిలీవ్ చేశాం అన్న మాట ఎక్కడా లేదు. నేను డ్రాఫ్ట్స్‌మన్ కాదు, చేరినప్పుడు జూనియర్ డిజైన్ ఇంజనీర్, 2023 ఇంక్రిమెంట్ లెటర్ నుంచి డిజైన్ ఇంజనీర్, ఆ లెటర్ ఇచ్చింది కూడా వీళ్ళే.

అప్పటిదాకా నాకు కూడా ఈ రెండు కాగితాల తేడా సరిగా తెలీదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ హోదాలో చేశామన్నది. రిలీవింగ్ లెటర్ అంటే ఫలానా తేదీన పెట్టిన రాజీనామా ఒప్పుకున్నాం, ఫలానా తేదీ పని ముగిసేసరికి డ్యూటీ నుంచి వదిలేశాం, ఇక మాకూ ఈమెకూ బాకీ లేదు అన్నది. కొత్త కంపెనీకి భయమల్లా రెండోదాని మీదే, ఈ మనిషి ఇంకా పాత చోట రోల్స్‌లో ఉందేమో, నోటీస్ పూర్తి చేయకుండా పారిపోయి వచ్చిందేమో అని. ఒకే లెటర్‌లో రెండూ రాసిచ్చినా తీసుకుంటారు, కానీ రెండు విషయాలూ అందులో ఉండాలి, తేదీతో సహా.

సరే ఉన్నది ఉన్నట్టు ముందు అప్‌లోడ్ చేసేశా, గడువు దగ్గర పడుతోందని. ఇక్కడ నేను తొందరపడ్డా. సరిచేయించుకుని పెట్టాల్సింది.

కొత్త కంపెనీ తరఫున వెరిఫికేషన్ చేసేది వేరే కంపెనీ. వాళ్ళు మా పాత ఆఫీసు మెయిల్‌కి రెండుసార్లు రాశారంట, వెబ్‌సైట్‌లో ఉన్న ఐడీకి, ఆ మెయిల్‌బాక్స్ తెరిచేవాళ్ళే లేరు. అందుకని ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశారు. అక్క ఎత్తింది. ఈ అమ్మాయి ఎప్పుడు చేరింది అంటే, అక్క ముందు ఉండేది పీఎఫ్ రిజిస్టర్, అందులో ఉన్నది 01-01-2022, అదే చెప్పింది. అక్క అబద్ధం చెప్పలేదు. లెటర్‌లో ఉన్నది 14-06-2021. రెండింటికీ మధ్య ఆరున్నర నెలలు.

సెప్టెంబర్ 30 మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి మెయిల్. ఎంప్లాయ్‌మెంట్ చెక్‌లో డిస్క్రెపెన్సీ, చెప్పిన అనుభవానికీ పాత కంపెనీ చెప్పినదానికీ తేడా ఉంది, అక్టోబర్ 6 లోపు ఆధారాలతో వివరణ ఇవ్వాలి. చదివేసరికి చేతులు చల్లబడిపోయాయి. పక్క సీటులో అమ్మాయి ఏమైందని అడిగినా చెప్పలేకపోయా. ప్రొబేషన్‌లో ఉన్నా, చేరి మూడు వారాలు, అబద్ధం అనుభవం పెట్టినదాన్ని అనుకుంటారేమో అని. బయటకెళ్ళి మెట్లమీద కూర్చుని ఏడ్చా.

అసలు సంగతి ఏంటంటే, నేను చేరింది 2021 జూన్ 14నే. లాక్‌డౌన్ సడలించిన రోజులు, ఉద్యోగం దొరకడమే గొప్ప. మొదటి ఆరు నెలలు కన్సల్టెంట్ అన్నారు, నెలకి 25,000, అందులో పది శాతం టీడీఎస్ అని ట్యాక్స్ కట్ చేసి 22,500 వేసేవాళ్ళు. పీఎఫ్ లేదు, పేస్లిప్ లేదు. జనవరి నుంచి ఎంప్లాయీ అని 28,000, పీఎఫ్ మొదలైంది. సీటు మారలేదు, పని మారలేదు, పొద్దున తొమ్మిదింటికి రావడం మారలేదు, కాగితం మీద మాత్రం వేరే మనిషిని అయ్యా. అప్పుడది నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. చిన్న కంపెనీల్లో చేరిన మా బ్యాచ్ వాళ్ళలో ఇంకో ఇద్దరికి కూడా ఇట్లాగే చేశారని ఇప్పుడు తెలిసింది.

ఆ ఆరు నెలలు నేనక్కడ ఉన్నానని చూపించడానికి ఏముంది? ఆ రాత్రంతా పాత మెయిల్స్ వెతికా. ఆఫర్ లెటర్ దొరికింది. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉంది, కానీ అందులో కంపెనీ పేరు సగమే పడింది. అప్పుడు మా రూమ్మేట్ అంది, టీడీఎస్ కట్ చేశారంటున్నావు కదా, ఎవరెవరు నీకు టీడీఎస్ కట్ చేశారో చూపించే ఫారం 26ఏఎస్ చూడు అని. తను సీఏ ఆఫీసులో చేస్తది. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో లాగిన్ అయి `e-File` కింద `View Form 26AS` నొక్కితే వేరే సైట్‌కి తీసుకెళ్తుంది, అక్కడ 2021-22 ఫైనాన్షియల్ ఇయర్‌ది, అంటే అసెస్‌మెంట్ ఇయర్ 2022-23 ఎంచుకున్నా. మా కంపెనీ పూర్తి పేరు, టీడీఎస్ కట్ చేసేవాళ్ళకుండే ట్యాన్ నంబర్, సెక్షన్ `194J` కింద ఏడు ఎంట్రీలు. జూన్ సగం నెలకి 14,000, తర్వాత ఆరు నెలలు 25,000 చొప్పున, ఒక్కోదానికీ కట్ చేసిన టీడీఎస్, మొత్తం 16,400. ఆ డబ్బు నేను 2022లో రిటర్న్ వేసి వెనక్కి కూడా తెచ్చుకున్నా, నాకు గుర్తే లేదు. ఆ ఏడాది రికార్డుల్లో `194J` అంటే ప్రొఫెషనల్ ఫీజు మీద కట్ చేసింది, జీతం మీదైతే `192` ఉండేది. అంటే ఆ కంపెనీ నాకు ఆ నెలల్లో డబ్బు ఇచ్చిందనీ, జీతంగా కాదు ఫీజుగా ఇచ్చిందనీ ప్రభుత్వం రికార్డులోనే ఉంది. ఆ పేజీ చూశాక ఆ రాత్రి నిద్రపట్టింది.

కానీ దాంతో ఇంకో సంగతి కూడా అర్థమైంది. లెటర్‌లో 2021 జూన్ నుంచి ఎంప్లాయీ అన్నట్టు ఉంటే, పీఎఫ్ సర్వీస్ హిస్టరీతో, ఈ `194J`తో ఎన్నటికీ కలవదు. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కలుగా రాస్తేనే అన్ని కాగితాలూ ఒకే మాట చెప్తాయి. నా అనుభవం ఆరు నెలలు తగ్గిపోతుందేమో అని మనసు ఒప్పుకోలేదు ముందు, కానీ వేరే దారి లేదు.

అక్టోబర్ 1 ఆయుధ పూజ, మాకు సెలవు. పీణ్యాలో ఆ రోజు ఎట్లుంటదో తెలిసిందే, ప్రతి షెడ్డు ముందూ అరటి పిలకలు, బంతిపూలు, రోడ్డంతా పగలగొట్టిన గుమ్మడికాయలు కుంకుమతో. నేను పొద్దున్నే వెళ్ళా. మెషిన్లన్నీ కడిగి బొట్లు పెట్టారు, నేను నాలుగేళ్ళు డ్రాయింగులిచ్చిన లేజర్ కటింగ్ మెషిన్‌కి కూడా దండ. నన్ను చూసి అందరూ సంతోషపడ్డారు, స్టోర్స్ అన్న మరమరాల ప్యాకెట్, స్వీట్ బాక్స్ చేతిలో పెట్టాడు. పూజ అయ్యాక సార్ దగ్గరికెళ్ళి హెచ్ఆర్ మెయిల్ చూపించా.

సార్ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడు నిన్ను ఎంప్లాయీ అని రాస్తే పీఎఫ్ ఎందుకు కట్టలేదని నన్ను అడుగుతారు కదమ్మా, అందుకే నేను ఆలోచిస్తున్నా" అన్నారు. అప్పుడర్థమైంది నాకు, ఇన్నాళ్ళు లెటర్ లేటవడానికి కస్టమర్ పేమెంట్ ఒక్కటే కారణం కాదని. నేను చెప్పా, సార్ ఎంప్లాయీ అని రాయొద్దు, మీరు అప్పుడు ఏమని డబ్బులిచ్చారో అదే రాయండి, ట్యాక్స్ రికార్డులో ఎట్లాగూ ఉంది అని 26ఏఎస్ చూపించా. మనసులో మాత్రం అనిపించింది, అదే కుర్చీలో అదే పని చేసినదాన్ని, ఆ ఆరు నెలల పీఎఫ్ నాకు రాదు, నేనే ఆ మాట రాయమని బతిమాలుతున్నా అని. ఆయనకి ఆ మాట అనలేదు. ఉద్యోగం నిలబెట్టుకోవాలి ముందు.

"నువ్వే టైప్ చేసి పంపు, నేను చూసి సంతకం పెడతా" అన్నారు. ఆ రాత్రే రెండు లెటర్లు తయారు చేశా. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఆధార్, పాన్‌లో ఉన్న స్పెల్లింగ్‌తోనే నా పూర్తి పేరు, 14-06-2021 నుంచి 31-12-2021 వరకు కాంట్రాక్ట్ కన్సల్టెంట్, 01-01-2022 నుంచి 29-08-2025 వరకు రెగ్యులర్ ఎంప్లాయీ, మొదట జూనియర్ డిజైన్ ఇంజనీర్, చివరికి డిజైన్ ఇంజనీర్. రిలీవింగ్ లెటర్‌లో 01-07-2025 నాటి రాజీనామా ఒప్పుకున్నాం, 29-08-2025 పని ముగిసేసరికి రిలీవ్ చేశాం, కంపెనీ వస్తువులన్నీ అప్పగించింది, నోటీస్ పూర్తి చేసింది. సార్ ఒక్క మార్పు చేశారు, "బాకీలేమీ లేవు" అన్నదానికి బదులు "ఫైనల్ సెటిల్‌మెంట్ ప్రాసెస్‌లో ఉంది" అని. నిజమే కాబట్టి నేనూ ఒప్పుకున్నా, డబ్బు రాకముందే బాకీ లేదని రాసుంటే రేపు అడగడానికి నాకే కష్టం.

అక్టోబర్ 4 శనివారం వెళ్ళి తీసుకున్నా. అక్క పాత లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసింది, అందులో సిన్, అంటే కంపెనీ రిజిస్ట్రేషన్ గుర్తింపు నంబర్, లేదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ లెటర్‌హెడ్ మీద పేరు, రిజిస్టర్డ్ అడ్రస్, సిన్, ఫోన్, మెయిల్ ఉండాలి, వెరిఫికేషన్ వాళ్ళు అడిగే వాటిలో అదొకటి. కొత్తది వెతికి మళ్ళీ ప్రింట్ తీసి, సార్ సంతకం కింద ఆయన పేరు, హోదా రాయించి, స్టాంప్ వేయించే సరికి రెండు గంటలు. బయటికొచ్చేముందు అక్కకి ఆ రెండు లెటర్లూ ఒక కాపీ ఇచ్చి, ఫోన్ వస్తే ఇదే చూసి చెప్పక్కా అని ఆమె టేబుల్ అద్దం కింద పెట్టించా. తను వాడే మెయిల్ ఐడీ కూడా తీసుకుని మా హెచ్ఆర్‌కి పంపా, వెరిఫికేషన్ దానికే పంపమని.

అదే రోజు లెటర్లు, ఆఫర్ లెటర్, 26ఏఎస్, బ్యాంక్ స్టేట్‌మెంట్, పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అన్నీ కలిపి అరపేజీ వివరణతో పంపేశా. అక్టోబర్ 13న రిపోర్ట్ క్లోజ్ అయిందని మెయిల్ వచ్చింది, మొదటి ఆరున్నర నెలలు కాంట్రాక్ట్ అని రిమార్క్‌తో. జీతం తగ్గించలేదు, గ్రేడ్ మార్చలేదు. మా నాయనకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట రాలేదు ఆయనకి.

సెటిల్‌మెంట్ 17న పడింది, ఆగస్టు జీతం, మిగిలిన పదకొండు రోజుల లీవ్ డబ్బులు. ఇదంతా తిరగడానికి రెండు హాఫ్ డే లీవులు, ఆటోలు మెట్రోలు ప్రింట్లు కలిపి పదిహేను వందల దాకా అయ్యింది.

ఇంకొకటి మిగిలింది, పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్. అది వేయకపోతే పాత పీఎఫ్ కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ అవ్వదు. కంపెనీ వేయాలి, అక్క మర్చిపోయింది, అక్టోబర్‌లో నేనే పోర్టల్‌లో ప్రయత్నిస్తే తీసుకోలేదు. చివరి కాంట్రిబ్యూషన్ పడ్డాక రెండు నెలలు ఆగాలంట మనమే వేసుకోవాలంటే. నవంబర్ మధ్యలో `Manage`లో `Mark Exit`కి వెళ్ళి, ఆధార్ ఓటీపీతో వేశా. చివరి కాంట్రిబ్యూషన్ పడిన నెలలోని తేదీనే తీసుకుంటుంది, నాది ఆగస్టు కాబట్టి 29 పెట్టా, లెటర్‌లో ఉన్నదే. ఒకసారి వేస్తే మళ్ళీ మనం మార్చలేం, అందుకే లెటర్ పక్కన పెట్టుకుని రెండుసార్లు చూసి నొక్కా.

పోయిన వారం అక్క ఫోన్ చేసింది. డిజైన్‌లో ఇంకో అబ్బాయి రిజైన్ చేశాడంట, "నీ లెటర్ల మేటర్ వర్డ్ ఫైల్ ఉందా పాపా" అని. పంపించా. ఆ అబ్బాయి కూడా మొదటి ఆరు నెలలు కన్సల్టెంటే, ఆ రెండు తేదీల లైన్ తీసేయొద్దక్కా అని చెప్పా, వాడికి కూడా విడిగా ఫోన్ చేసి 26ఏఎస్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమన్నా, స్టోర్స్ రిజిస్టర్ కూడా చూసుకోమన్నా.